మడత చాకు లాక్‌ను నమ్మొచ్చో లేదో తేల్చుకోవడం ఎలా?

మందపాటి రబ్బరు షీటులో నిలువుగా దిగబడిన చాకును బయటికి లాగుతున్నాను. మొన ఇరుక్కుంది. కాస్త వదులవుతుందని పిడిని వాదర వైపుకు వంచాను. టిక్‌మని చిన్న చప్పుడు, చాకు నా చేతిలోనే మడుచుకుపోయింది. గ్లవ్ తెగింది, వేలు తెగలేదు. అది లైనర్ లాక్ చాకు. అప్పటికి నాలుగేళ్లుగా వాడుతున్నాను, లాక్ ఒక్కసారి కూడా జారలేదు.

జారకపోవడానికి కారణం తర్వాత అర్థమైంది: అన్నాళ్లూ ఆ లాక్ మీద బరువే పడలేదు. వాదరతో కోస్తున్నప్పుడు వస్తువు అలుగును తెరుచుకునే దిశలోకే నెడుతుంది. ఆ ఒత్తిడిని మోసేది పిడిలో అలుగును ఆపే పిన్ను. లాక్‌కు పని పడేది అలుగు వీపు మీద ఒత్తిడి వచ్చినప్పుడు, అంటే మొన ఇరుక్కున్నప్పుడు, పొడిచినప్పుడు, కోసిన చాకును వెనక్కి తీస్తుంటే వీపు దేనికో తగిలినప్పుడు. అందుకే మామూలు వాడకంలో చెడ్డ లాక్ కూడా మంచిదానిలాగే కనిపిస్తుంది.

ఆ బరువు ఎంతో లెక్క వేయండి. ఇరుసు నుంచి 8 సెంటీమీటర్ల దూరంలో వీపు మీద 4 కిలోల ఒత్తిడి పడిందనుకుందాం. లాక్ అలుగును ఆపే చోటు ఇరుసుకు 5 మిల్లీమీటర్ల దూరంలోనే ఉంది. 80ని 5తో భాగిస్తే 16, అంటే ఆ చిన్న ముఖం మీద పడేది 64 కిలోలు. చేతికి ఏమీ అనిపించని ఒత్తిడి అక్కడికి చేరేసరికి ఒక మనిషి బరువంత అవుతుంది.

ముందు చేయాల్సినవి

అలుగును పూర్తిగా తెరిచి వాదర మీద మాస్కింగ్ టేపు నాలుగైదు పొరలు చుట్టండి. మందపాటి గ్లవ్ వేసుకోండి. ఏ పరీక్షలోనైనా అలుగు మడుచుకుపోతే ఎటు వస్తుందో ముందే చూసుకుని, ఆ దారిలో వేళ్లు లేకుండా పట్టుకోండి.

తర్వాత పిడిని ఒక చేత్తో గట్టిగా పట్టుకుని రెండో చేత్తో మొనను కదపండి. పక్కలకు ఊగితే ఎక్కువసార్లు ఇరుసు స్క్రూ వదులైందని అర్థం. బిగిస్తే పోతుంది, మరీ బిగిస్తే అలుగు తెరుచుకోదు. పైకీ కిందికీ కదిలితే మాత్రం అనుమానించాల్సింది లాక్‌ను. ఈ రెండింటినీ ఒకటిగా చూసి స్క్రూ బిగిస్తూ కూర్చునేవాళ్లు చాలామంది. కొన్నాళ్లు నేనూ అదే చేశాను.

లైనర్ లాక్: ఎక్కువ సేపు చూడాల్సింది ఇదే

పిడి లోపల రెండు పక్కలా లోహపు రేకులుంటాయి. వాటిలో ఒకదాన్ని పొడవునా కోసి లోపలికి వంచితే అది స్ప్రింగ్‌లా పనిచేస్తుంది. అలుగు తెరుచుకోగానే ఆ రేకు పక్కకు జరిగి, ఇరుసు దగ్గరుండే అలుగు మొదలు వెనక నిలబడుతుంది. ఈ ఆలోచన పాతదే అయినా, ఈరోజు మనం చూసే రూపం ఇచ్చింది మైకేల్ వాకర్ అనే అమెరికన్ చాకుల తయారీదారు, 1980ల మొదట్లో.

అలుగు మొదలులో రేకు ఆనే ముఖాన్ని కొద్దిగా ఏటవాలుగా చెక్కుతారు, సుమారు 8 డిగ్రీలు. వాలు ఉంటేనే రేకు సందులో దిగ్గొట్టిన చీలలా బిగుసుకుంటుంది, అరిగినా కొంచెం ముందుకు జరిగి ఖాళీని పూడ్చుకుంటుంది. కానీ అదే వాలు బరువు పడినప్పుడు రేకును పక్కకు నెట్టాలనీ చూస్తుంది. దాన్ని ఆపేది రెండు లోహాల మధ్య రాపిడి. 8 డిగ్రీల వాలు మీద రేకు జారకుండా ఉండాలంటే రాపిడి గుణకం 0.14 కన్నా ఎక్కువ ఉండాలి. పొడి లోహాలకు అది సులువుగానే ఉంటుంది. నూనె పూసిన లోహాలకు దాదాపు ఆ అంచు దగ్గరికే పడిపోతుంది. వాలు 12 డిగ్రీలైతే కావలసింది 0.21, అప్పుడు నూనె లేకపోయినా లాక్ అంత నమ్మకంగా ఉండదు.

నా చాకు విషయంలో మొదటి తప్పు ఇదే. ఇరుసులో వేయాల్సిన నూనెను ధారాళంగా వేశాను. అది కారి లాక్ ముఖానికి చేరింది. కాబట్టి మొదటి పని, ఇయర్‌బడ్‌ను రబ్బింగ్ ఆల్కహాల్‌లో ముంచి అలుగు మొదలు వెనక ముఖాన్నీ, రేకు కొసనూ తుడవడం. నూనె ఇరుసుకు ఒక్క చుక్క చాలు.

ఆరాక అలుగు మొదలు ముఖం మీద మార్కర్ పెన్నుతో నల్లగా రంగు పూసి, చాకును పదిసార్లు మామూలుగా తెరిచి మూయండి. రేకు ఎక్కడ ఆనుతోందో అక్కడ రంగు చెరిగిపోతుంది. రంగు చెరిగిన చోటు వెడల్పుగా, ఇరుసుకు దూరంగా ఉన్న కింది భాగంలో ఉంటే మంచిది. ఇరుసుకు దగ్గరగా పై కొసన మాత్రమే చెరిగితే ఆధారం దూరం తగ్గింది, అంటే ఆ 16 రెట్లు కాస్తా 20, 25 రెట్లవుతాయి. నా చాకులో సన్నటి గీతలాంటి మచ్చ, అది కూడా పై అంచున, కనిపించింది. ముఖాన్ని సమంగా చెక్కలేదన్నమాట.

పై నుంచి చూస్తే రేకు అలుగు మొదలు మందంలో ఎంత మేర ఆనుకుందో కూడా తెలుస్తుంది. కొత్త చాకులో మూడో వంతు నుంచి సగం దాకా ఉంటే చాలు. అంచు మీదే నిలబడితే అది పూర్తిగా బిగుసుకోలేదు. ఎదుటి రేకుకు తగిలేదాకా వెళ్లిపోతే ఇక జరగడానికి చోటు లేదు, చాకు కాలం తీరింది.

చివరిగా మెలిపెట్టి చూడాలి. టేపు చుట్టిన అలుగును చెక్కముక్కల మధ్య పెట్టి పట్టుకుని, పిడిని తాడు బిగించినట్టు మెలితిప్పండి. రేకు మీదే కళ్లుంచండి, వెంట్రుకవాసి జరిగినా కనిపిస్తుంది. అలాగే బలంగా పిడికిలి బిగించినప్పుడు మీ వేలు రేకు మీద పడి నెడుతోందేమో చూడండి. ఎడమచేతి వాటం వాళ్లకు ఈ సమస్య వేరే రకంగా వస్తుంది, ఎందుకంటే చాలా లైనర్ లాకులు కుడిచేతికే చెక్కినవి.

బ్యాక్ లాక్

ఇందులో పిడి వీపు పొడవునా ఒక ఉక్కు బద్ద ఉంటుంది. మధ్యలో పిన్ను మీద ఏతాంలా ఊగుతుంది. దాని ముందరి కొక్కెం అలుగు మొదలు గాడిలో పడుతుంది, వెనక స్ప్రింగ్ దాన్ని అక్కడే నొక్కి పెడుతుంది. దీన్ని జనంలోకి తెచ్చింది 1964లో వచ్చిన బక్ 110 అనే చాకు.

దీని బలం కొక్కెం గాడిలో ఎంత లోతుగా దిగిందన్నదాన్ని బట్టి ఉంటుంది. అందుకే దీనికి ప్రధాన శత్రువు జేబులోని పీచు. గాడిలో దూది ఉండలా చేరితే కొక్కెం పూర్తిగా దిగదు, చూపుకు మాత్రం లాక్ పడినట్టే ఉంటుంది. అలుగు తెరిచాక పిడి వీపు మీద వేలు రాయండి. ఆ బద్ద పిడితో సమంగా ఉండాలి. ముందు భాగం పైకి లేచినట్టు తగిలితే గాడిని టూత్‌పిక్‌తో శుభ్రం చేసి మళ్లీ చూడండి. అలుగు పైకీ కిందికీ కొంచెం కదలడం ఈ రకంలో సాధారణమే, భయపడక్కర్లేదు. ఆ కదలిక నెల నెలకూ పెరుగుతుంటే మాత్రం గాడి అంచు గుండ్రబడుతోందని తెలుసుకోండి.

ఒక బలహీనత వాడితేనే తెలుస్తుంది. పిడికిలి బిగించి వాడుతుంటే అరచేయి సరిగ్గా విడుదల చోటు మీద పడి బద్దను నొక్కేయవచ్చు. అందుకే కొందరు తయారీదారులు అక్కడ ఒక సొట్ట లాంటి గుంట చెక్కుతారు. అరచేయి దాని మీద నుంచి పోతుంది, కావాలని బొటనవేలు పెడితేనే లాక్ విడుతుంది. మీ చాకుకు ఆ గుంట లేకపోతే, మీరు పని చేసే పట్టులోనే గట్టిగా పిండి, మరో చేత్తో వీపును కొద్దిగా నొక్కి చూడండి.

యాక్సిస్ లాక్

1998లో బెంచ్‌మేడ్ కంపెనీ 710 మోడల్ చాకుతో ఇది వచ్చింది. ఇప్పుడు ఇతరులు చేసేవాటిని క్రాస్‌బార్ లాక్ అంటారు. పిడి రెండు పక్కల రేకుల గాడుల్లో అడ్డంగా ఒక ఉక్కు కడ్డీ ముందుకూ వెనక్కూ జరుగుతుంది. ఒమేగా అక్షరం ఆకారంలో ఉన్న రెండు సన్న స్ప్రింగులు దాన్ని ముందుకు నెడతాయి. అలుగు తెరుచుకోగానే కడ్డీ అలుగు మొదలు వాలు మీదికెక్కి కూర్చుంటుంది. బరువు ఒక పక్క రేకు మీదే కాకుండా రెండు పక్కలా పంచుకోబడుతుంది, మెలిపెట్టినా కడ్డీ జరగదు.

చూడాల్సింది స్ప్రింగులను. ఇవి సన్నటి తీగలు, ఏళ్ల తరబడి వంగి వంగి ఎప్పుడో ఒకటి విరుగుతుంది. ఒకటి విరిగినా రెండోది కడ్డీని నెడుతూనే ఉంటుంది కాబట్టి చాకు పనిచేస్తున్నట్టే కనిపిస్తుంది, కడ్డీ లాగితే మాత్రం మునుపటికన్నా తేలిగ్గా, కాస్త వంకరగా వస్తుంది. అనుమానం వస్తే ఆ రోజు నుంచే కఠినమైన పని ఆపండి. ఇక మట్టి, ఇసుక చేరి కడ్డీ గాడి చివరిదాకా రాకపోతే నీళ్లతో కడిగి ఆరబెట్టండి. నా అనుభవంలో సగం ఫిర్యాదులు అక్కడితో తీరిపోతాయి.

ఇప్పుడు వీపు మీద బరువు పెట్టి చూడటం

చాలామంది చాకు వీపును బల్ల అంచుకేసి కొట్టి చూస్తారు. నేను కొట్టను. దెబ్బ తగిలినప్పుడు పిడి కూడా ఎగిరి, మంచి లాక్ అయినా ఒక్కోసారి జారుతుంది, చెడ్డది అదృష్టం కొద్దీ నిలుస్తుంది. పైగా ఆ దెబ్బలకు ముఖాలు పాడవుతాయి. మెల్లగా నొక్కితే చాలు. వీపును మెత్తటి చెక్క అంచు మీద ఆనించి, పిడిని కింది వైపుకు నెమ్మదిగా బరువు పెంచుతూ 5 సెకన్లు నొక్కండి. వేళ్లు పిడి పక్కల మీదే ఉండాలి, వాదర దూరే గాడి వైపు ఒక్క వేలు కూడా ఉండకూడదు. మూడుసార్లు చేసి, ప్రతిసారీ లాక్ మొదటి స్థానం నుంచి కదిలిందేమో చూడండి.

నా చాకును ఇలాగే చూశాను. నూనె తుడవక ముందు రెండో ప్రయత్నంలోనే జారింది. తుడిచాక మూడుసార్లూ నిలిచింది, కానీ మెలిపెడితే రేకు సగం దూరం వెనక్కి వచ్చింది. వాలును అరగదీసి సరిచేయవచ్చని కొందరు చెప్పారు. అర డిగ్రీ తేడాతో లాక్ మొత్తం మారిపోయే చోట చేతి ఆకురాయి పెట్టడం నాకు నచ్చలేదు.

మూడింటిలో తేడా నాకు బలంలో కన్నా పాడయ్యే తీరులో ఎక్కువ కనిపిస్తుంది. బ్యాక్ లాక్ కదలిక పెంచుకుంటూ చెప్పి పాడవుతుంది. యాక్సిస్ లాక్ కడ్డీ వదులై, వంకరై చెబుతుంది. లైనర్ లాక్ మాత్రం ఆఖరి నిమిషం దాకా గట్టిగా ఉన్నట్టే ఉండి ఒక్కసారిగా జారుతుంది, అందుకే పరీక్ష దానికే ఎక్కువ. బాగా చెక్కిన లైనర్ లాక్ నాసిరకం బ్యాక్ లాక్‌ను మించుతుందనేది నిజమే, అయితే బాగా చెక్కారో లేదో ఆ మార్కర్ మచ్చ తప్ప మనకు చెప్పేదెవరు?

మూసేటప్పుడు వేలు ఎక్కడుంటుంది

గాయాల్లో కొన్ని లాక్ జారడం వల్ల కాదు, లాక్ తీయడం వల్ల వస్తాయి. లైనర్ లాక్‌లో రేకును నెట్టే బొటనవేలు సరిగ్గా అలుగు దారిలోనే ఉంటుంది. రేకును నెట్టి, అలుగును కొంచెం, ఒక 20 డిగ్రీలు మడిచి ఆపండి, వేలు తీసేయండి, తర్వాతే పూర్తిగా మూయండి. బ్యాక్ లాక్‌ను ఒంటి చేత్తో మూసే విన్యాసం మానేసి, ఒక చేత్తో బద్ద నొక్కుతూ రెండో చేత్తో అలుగు వీపును పట్టుకుని మడవండి. యాక్సిస్ లాక్‌లో కడ్డీని లాగే వేళ్లు పిడి పక్కలకే పరిమితం, దారిలోకి రావు. ఈ ఒక్క విషయంలో మిగతా రెండూ దానికి సాటిరావు.

నా పాత చాకు ఇప్పుడు టేబుల్ సొరుగులో ఉంది. కవర్లు చింపడానికి వాడతాను, దేనిలోకీ పొడవను.