వెబ్‌సైట్ అంతా ఒకే గొంతు: మాకు పనిచేసిన పద్ధతి

మా పచ్చళ్ల వెబ్‌సైట్‌లో హోమ్ పేజీ చనువుగా పలకరించేది, రిఫండ్ పేజీ మాత్రం కోర్టు నోటీసులా ఉండేది. అన్ని పేజీలూ ఒకేలా మాట్లాడాలని చాలా ప్రయత్నించాం: మా రాత ఎలా ఉండాలో చెప్పే విశేషణాల జాబితా, పెద్ద కంపెనీల రాత గైడ్ల నమూనాలు, ఒక్కరే కూర్చుని అన్నీ తిరగరాయడం. ఏదీ నిలవలేదు.

చివరికి కస్టమర్లకు వాట్సాప్‌లో జవాబిచ్చే అక్క మెసేజ్‌లు తీసి, చదవగానే మనసు కుదుటపడే వాక్యాలు ఏరాం. వాటన్నిటిలో ఉన్నవి మూడు: ‘మీరు’ అనడం, చిన్న వాక్యాలు, పని ఎవరు చేస్తారో చెప్పడం. ఇవి ఏ పేజీలోనూ మారవు, మా గొంతు అంటే ఇవే. టోన్ మాత్రం సందర్భాన్ని బట్టి మారుతుంది. ఆవకాయ పేజీలో ఉత్సాహం బాగుంటుంది, సీసా పగిలినవాళ్ల దగ్గర సరదా మాటలు పనికిరావు.

తర్వాత ప్రతి నియమం పక్కన మా పేజీల్లోంచే పాత వాక్యం, కొత్త వాక్యం పెట్టాం. అసలు మార్పు తెచ్చింది ఇదే.

పాతది: ‘దెబ్బతిన్న సరుకు విషయమై 48 గంటలలోగా ఫొటోతో ఫిర్యాదు సమర్పించిన యెడల మార్పిడి చేయబడును.’
కొత్తది: ‘సరుకు దెబ్బతిని వస్తే 48 గంటల్లోపు ఫొటో పంపండి. మేం కొత్తది పంపిస్తాం.’

గడువు, షరతు మారలేదని సరిచూశాకే పేజీలో పెట్టాం. ఆఖర్న ఈ నియమాలు, ఉదాహరణలే గైడ్‌గా కొత్తగా చేరినవాళ్లకు ఇచ్చి ఒక పేజీ రాయించాం. వాళ్లు ఆగి అడిగిన ప్రతిచోటా ఇంకో ఉదాహరణ చేర్చాం.

మాది చిన్న టీమ్, ఒకే భాష. ఇంగ్లిష్ పేజీలు కూడా ఉంటే వాటికి ఉదాహరణలు విడిగా ఏరాల్సి రావచ్చు.