ఒక్కడికే లాగ్ వస్తోందా? తప్పు రూట్‌దేనని ఎలా తేల్చాలి, ఏ ఆధారం పంపాలి

మేం ఐదుగురం కలిసి ముంబైలో ఉన్న ఒక మైన్‌క్రాఫ్ట్ సర్వర్‌ని అద్దెకు తీసుకున్నాం. కర్నూల్లో ఉన్న నలుగురికి పింగ్ 30 మిల్లీసెకన్ల దగ్గరే ఉండేది. ఆదోనిలో ఉన్నవాడికి మాత్రం 130. తవ్విన రాయి మళ్లీ వచ్చి అక్కడే కూర్చునేది. వాడి నెట్ మాత్రమే వేరే కంపెనీది. కేబుల్ అన్నకు ఫోన్ చేస్తే, "స్పీడ్ 100 వస్తాంది కదప్పా, ఇంకేం కావల్ల?" అన్నాడు.

స్పీడ్ టెస్ట్ ఇక్కడ ఆధారం కాదు. అది మామూలుగా దగ్గర్లో ఉన్న సర్వర్‌నే, చాలాసార్లు ఆ కంపెనీ నెట్‌వర్క్‌లోదాన్నే, ఎంచుకుంటుంది. మీ ఆట వెళ్లే దారిని అది తొక్కనే తొక్కదు. ఫిర్యాదులో స్పీడ్ టెస్ట్ ఫొటో పెట్టకండి.

ముందు వైఫై వదిలేసి లాన్ కేబుల్ పెట్టండి, డౌన్‌లోడ్లు ఆపండి. తర్వాత అదే కంప్యూటర్‌ని వేరే కంపెనీ సిమ్ ఉన్న ఫోన్‌కి యూఎస్‌బీతో కలిపి, అదే సర్వర్‌లో ఆడి చూడండి. మా వాడికి 48 వచ్చింది. మొబైల్ నెట్ కంటే ఇంటి ఫైబర్‌లో పింగ్ ఎక్కువగా ఉందంటే కంప్యూటర్‌దీ తప్పు కాదు, సర్వర్‌దీ కాదు.

ఇప్పుడు, సర్వర్‌కి వెళ్లే దారిలో ఒక్కో రౌటర్ దగ్గర ఎంత ఆలస్యమో, ఎన్ని ప్యాకెట్లకు జవాబు రాలేదో చూపించే WinMTR తెరిచి, Host దగ్గర సర్వర్ ఐపీ కొట్టి Start నొక్కండి. పది నిమిషాలు వదిలేయండి. లాగ్ ఉన్నవాడూ లేనివాడూ ఒకే సమయంలో, రాత్రి 9కి ఒకసారి, పొద్దున 7కి ఒకసారి తీయాలి. రాత్రి మాత్రమే పెరిగితే ఎక్కడో లింక్ నిండిపోతోందని అనుమానించాలి. రోజంతా ఒకేలా ఎక్కువగా ఉంటే దారే చుట్టుతిరుగుడు.

అందరూ పొరపాటు పడేది దాన్ని చదివే దగ్గరే. మా వాడి రిపోర్ట్‌లో ముఖ్యమైన వరుసలు ఇవి. Hop కింద ఉన్నది వరుస నంబర్, అంటే దారిలో అది ఎన్నో రౌటరో; Avg అంటే సగటు ఆలస్యం, మిల్లీసెకన్లలో:

```
Hop  Loss %  Avg
 1      0      1
 4     62     11
 6      0     71
 9      0    132
```

నాలుగో వరుసలో 62 శాతం లాస్ చూసి "దొరికింది దొంగ" అనుకుంటారు. కాదు. చాలా రౌటర్లు తమ గుండా పోయే ప్యాకెట్లను వెంటనే దాటిస్తాయి, తమకే వచ్చిన పింగ్‌కి జవాబు చెప్పడం మాత్రం తీరిక ఉంటేనే చేస్తాయి. అక్కడ నిజంగా ప్యాకెట్లు పోతుంటే ఆ తర్వాతి వరుసలన్నిటిలో, చివరిదాకా, లాస్ కనిపించాలి. ఇక్కడ చివర సున్నా. కాబట్టి నాలుగో వరుసను వదిలేయండి. 62 అని రాసి పంపితే అవతలి ఇంజినీర్ మిగతాది చదవకుండానే టికెట్ మూసేస్తాడు.

చూడాల్సింది ఆలస్యం ఎక్కడ పెరిగి, ఆ తర్వాత తగ్గకుండా నిలిచిపోయిందో. ఆరో వరుసలో 71కి ఎగిరింది, అక్కణ్నుంచి తగ్గలేదు. ఆ రౌటర్ పేరులో "sin" అని ఉంది, అంటే సింగపూర్. ఆదోని నుంచి ముంబైకి వెళ్లాల్సిన ప్యాకెట్ సముద్రం దాటి వెనక్కి వస్తోందన్నమాట. ఫైబర్‌లో 100 కిలోమీటర్ల దూరానికి రానుపోను సుమారు 1 మిల్లీసెకను పడుతుంది. ముంబైకి దారి 1,500 కిలోమీటర్లు అనుకున్నా 15 చాలు. రౌటర్ పేర్లు పాతవై ఉండొచ్చు కాబట్టి పేరు ఒక్కటే నమ్మకండి, అంకె కూడా ఒప్పుకోవాలి.

ఇంకో జాగ్రత్త. పోయే దారీ వచ్చే దారీ ఒకటే కానక్కర్లేదు. WinMTR చూపేది పోయే దారిలోని రౌటర్లనే, అంకెలో మాత్రం రెండూ కలిసుంటాయి. పోయే దారి శుభ్రంగా కనిపించినా తప్పు తిరుగుదారిలో ఉండొచ్చు. అందుకే సర్వర్ వైపు నుంచి కూడా తీయించండి. సర్వర్ అద్దెకిచ్చినవాళ్లకు మీ పబ్లిక్ ఐపీ ఇచ్చి, ఈ కమాండ్ నడిపి రిపోర్ట్ పంపమని అడగండి:

```
mtr -rwzbc 200 మీ-ఐపీ
```

మీ ఇంటి రౌటర్ సెట్టింగ్స్ పేజీలో 100.64 నుంచి 100.127 లోపు మొదలయ్యే ఐపీ కనిపిస్తే అది పబ్లిక్ ఐపీ కాదు. "what is my ip" అని వెతికితే వచ్చేదే ఇవ్వండి. దాన్ని గ్రూపుల్లో పెట్టకండి, టికెట్‌లోనే రాయండి.

టికెట్‌లో "లాగ్ వస్తోంది" అని రాయొద్దు. మేం రాసింది ఇది: "ముంబైలోని ఈ ఐపీకి మీ నెట్‌లో 132, వేరే కంపెనీలో 30. ఆరో హాప్ దగ్గర సింగపూర్ వెళ్తోంది. రెండు వైపుల రిపోర్ట్‌లు జతచేశాం. రూటింగ్ టీంకి పంపండి." తేదీ, సమయం, రెండు ఐపీలు పైన పెట్టాం. రిపోర్ట్‌ని Copy Text to clipboard నొక్కి టెక్స్ట్‌గానే అతికించండి. ఫోన్‌తో తీసిన స్క్రీన్ ఫొటోలోంచి ఐపీని ఎవరూ కాపీ చేసుకోలేరు.

కేబుల్ అన్న చేతిలో ఉండేది మీ వీధి వైరే. దారి మార్చాల్సింది పైనున్న కంపెనీ, కాబట్టి టికెట్ నంబర్ అక్కడిదే తీసుకోండి. సరిచేశామని వాళ్లు చెబితే వెంటనే మూయనివ్వకండి. రాత్రి 9కి మళ్లీ పది నిమిషాల రిపోర్ట్ తీసి, "sin" పోయిందో లేదో చూసి, అదే టికెట్‌లో పెట్టండి.