వానలు పడకముందు పాత పనిముట్ల పెట్టె తెరిచేవారికి జాగ్రత్తలు

రోహిణి కార్తె ఎండలు ముగిసి నైరుతి వానలు మొదలయ్యేలోపు అటక మీది సామాను దించి, ఎండబెట్టి, మళ్ళీ సర్దుకోవడం మన డెల్టా ఇళ్ళలో ఏటా జరిగే పనే. ఆ సర్దుడులో తాతల నాటి వడ్రంగి పెట్టె బయటపడినప్పుడు, చాలామంది ఉత్సాహంగా చేసే మొదటి పని తుప్పు గీకించి, దొరికిన ప్రతి అంచుకూ సాన పట్టించడం. ఆ క్రమం తప్పు. ఏ పనిముట్టు ఏ పనికో గుర్తుపట్టిన తరువాతే తోమాలి, తోమిన తరువాతే పదును సంగతి ఆలోచించాలి, ఎందుకంటే పాత పనిముట్టు ఆకారమే దాని చిరునామా. ఆ ఆకారాన్ని సాన ఒకసారి తినేస్తే ఇక ఎవరూ చెప్పలేరు.

మా తాతగారు కోనసీమలో పడవల వడ్రంగి. కాలువల మీద ధాన్యం పడవలు తిరిగిన రోజుల్లో ఆయన చేతినిండా పని ఉండేది. ఆయన పెట్టె 1986 ఆగస్టు వరదలో మా ఇంటితోపాటు మునిగింది, నీళ్ళు తీసిన తరువాత పైపైన తుడిచి అటక ఎక్కించారు. నేను చాలా ఏళ్ళ తరువాత దించి చూస్తే అడుగున ఒండ్రు గట్టిపడి, దాని మీద మూడు ఉలులు అతుక్కుని ఉన్నాయి. మూడింటిలో ఒకదాని అంచు రూపాయి బిళ్ళ అంచంత మందంగా, మొద్దుగా ఉంది. వాడి వాడి మొద్దుబారిందనుకుని సానకు ఇచ్చాను. రెండు రోజుల తరువాత తళతళలాడుతూ వచ్చిన దానిని మా ఊరి పెద్ద మేస్త్రి గారికి చూపిస్తే, ఆయన అంచు మీద బొటనవేలు ఆనించి, కాసేపు మాట్లాడకుండా ఉండి, "ఒరే అబ్బాయ్, ఇది కోసేది కాదురా, కూరేది" అన్నారు.

అది పడవ బల్లల సందులు కూరే ఉలి. రెండు బల్లల మధ్య సన్నని సందులో నూనె పట్టించిన దూదినో, పీచునో పెట్టి, ఆ మొద్దు అంచుతో సుత్తి దెబ్బల మీద లోపలికి దట్టించి, పైన గుగ్గిలం, నూనె కలిపి కాచిన ముద్ద పూస్తేనే పడవలోకి నీరు రాదు. అంచు పదునుగా ఉంటే దట్టించవలసిన పీచును తెంపేస్తుంది, బల్ల అంచును కూడా చీలుస్తుంది. అందుకే దానికి పదును లేకపోవడమే దాని గుణం. కొన్నింటి అంచు పొడవునా సన్నని గాడి కూడా ఉంటుంది, పీచు జారకుండా పట్టుకోవడానికి. నేను పాడుచేసినదానికీ ఆ గాడి ఉండేదట, సాన దానిని పూర్తిగా తీసేసింది. ఇది గుర్తుపట్టడం కష్టమేమీ కాదు: పిడి దగ్గర సన్నగా మొదలై అంచు వైపు విసనకర్రలా విప్పారుతుంది, అంచుకు రెండు వైపులా ఏటవాలు ఉండదు, చాలావాటికి చెక్క పిడి కూడా ఉండదు, పైన ఇనుపతలే సుత్తి దెబ్బలకు గొడుగులా విచ్చుకుని ఉంటుంది.

మిగతా రెండు ఉలులలో ఒకటి మందంగా, పక్కల నుంచి చూస్తే వెడల్పుకంటే మందమే ఎక్కువ అనిపించేలా ఉంది. అది గుమ్మాల చట్రాలలో కుసి, అంటే కర్ర కొసన చెక్కిన నాలుక, దిగవలసిన బెజ్జాన్ని తొలిచేది. లోతుగా దిగి, లోపలి ముక్కను పైకి ఎత్తడానికి ఆ మందం కావాలి. రెండవది పలుచగా, పొడవుగా ఉండి, సుత్తితో కొట్టకుండా అరచేతితో తోస్తూ చెక్కును పొరలు పొరలుగా తీసేది. ఈ రెండింటినీ ఒకదానికొకటి మార్చి వాడటమే అసలు ప్రమాదం, ఎందుకంటే పలుచని ఉలిని సుత్తితో కొట్టి గట్టి కర్రలో మెలితిప్పితే అంచు విరిగి ముఖం మీదికి ఎగురుతుంది. పిడి చూసి తేల్చుకోవచ్చు. పిడి పైకొసన రోకలికి ఉన్నట్టు పొన్ను, అంటే ఇనుప కట్టు, ఉంటే అది దెబ్బలు తినడానికి చేసినది. పొన్ను లేక, పిడి కొస నున్నగా, అరచేతికి అమరేలా ఉంటే అది తోయడానికి చేసినది. దెబ్బలు తినే ఉలిని కూడా ఇనుప సుత్తితో కాక కొయ్యసుత్తితో కొట్టాలి.

గొడుగులా విచ్చుకున్న ఇనుపతలల గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఏళ్ళ తరబడి దెబ్బలు తిన్న ఇనుము అంచులు కిందికి వంగి, పగుళ్ళు పట్టి ఉంటాయి, తరువాతి దెబ్బకు ఆ అంచు ముక్క కంటికి తగిలే వేగంతో ఎగరవచ్చు. అలాంటి తలను ఆకురాయితో అంచుల చుట్టూ ఏటవాలుగా అరగదీసేవరకూ ఆ పనిముట్టును కొట్టకూడదు. కొట్టే ముందు కళ్ళద్దాలు పెట్టుకోవాలి. ఒక సుత్తి ముఖాన్ని ఇంకొక సుత్తి ముఖంతో కొట్టి "గట్టిదనం చూడటం" మన ఊళ్ళలో పిల్లలు చేసే పనే, దానిని అక్కడికక్కడే ఆపాలి.

పెట్టెలో కాలిమీద గాయాలు చేసే పనిముట్టు బాడిశ. గొడ్డలి అంచు పిడితో సమానమైన దిశలో ఉంటే, బాడిశ అంచు పిడికి అడ్డంగా ఉంటుంది, దానితో కర్రను చెక్కి చదును చేస్తారు. బాడిశ ఏటవాలు సాధారణంగా లోపలివైపు, అంటే పిడి వైపు ఉంటుంది. సాన పట్టేవారు తెలియక బయటివైపు కూడా ఏటవాలు తీస్తే అది కర్రలో ఒదిగి దిగక, పైకి జారి పాదం మీదికి వస్తుంది. ఆ చెక్కుడు కూర్చుని, కర్రను పాదంతో నొక్కి పట్టుకుని, దెబ్బ తమవైపు పడేలా చేసే పని కాబట్టి, కొత్తవారు దానితో ప్రయోగం చేయకపోవడమే మంచిది. ఎండాకాలంలో దించిన బాడిశ పిడి వదులుగా ఉంటుంది, కర్ర ఆరి కుంచించుకుపోవడమే కారణం. దానిని నీళ్ళలో నానబెట్టి బిగించే అలవాటు చాలాచోట్ల ఉంది, అది ఆ పూటకు బిగిసినట్టే ఉంటుంది గానీ, ఉబ్బిన కర్ర ఇనుప కన్ను లోపల నలిగి, ఆరిన తరువాత ముందుకంటే వదులవుతుంది. పిడి మార్చాలి, లేదా కొత్త చీల దిగగొట్టాలి.

నాకు పెట్టెలో అసలు పేరు తెలియనిది, ఇంట్లో ఎవరూ చెప్పలేనిది ఒక గుండ్రటి కర్ర. జానెడు పొడవు, నడుమ తాడు చుట్టిన ఒరిపిడి గాట్లు, పైన దానంతట అది తిరిగే చిన్న టోపీ లాంటి ముక్క, కింద గట్టి ఇనుప మొన. అది బర్మా. తాడున్న విల్లును అడ్డంగా లాగుతూ తోస్తూ ఉంటే కర్ర అటూ ఇటూ తిరిగి బెజ్జం పడుతుంది. విల్లు పోయి కర్ర మాత్రమే మిగిలితే అప్పడాల కర్ర అనో, బొంగరం ముక్క అనో పొయ్యిలో పడేస్తారు. మొన చూస్తే సందేహం తీరుతుంది: ఇప్పటి డ్రిల్లు మొన ఒకవైపే తిరిగి కోస్తుంది, కానీ బర్మా మొన చదునుగా, ఈటె ఆకారంలో, రెండువైపులా అంచులతో ఉంటుంది, ఎందుకంటే అది రెండు దిశలలోనూ తిరుగుతుంది. పడవ బల్లలకు మేకు దిగేముందు బల్ల చీలకుండా బెజ్జం వేయడం దీని పని.

రంపాలలో చూడవలసింది పళ్ళ వాలు. పళ్ళు పిడి వైపు వాలి ఉంటే ఆ రంపం లాగినప్పుడు కోస్తుంది, పిడికి ఎదురు వాలితే తోసినప్పుడు కోస్తుంది. లాగి కోసే పాత రంపం రేకు పలుచగా ఉంటుంది కాబట్టి, తోసి కోసే అలవాటున్నవారు బలం పెడితే రేకు వంగి విరగవచ్చు.

పెట్టె తెరిచే తీరు కూడా ముఖ్యమే. గదిలో కాక వాకిట్లో వెలుతురులో, చెప్పులు వేసుకుని, మూతను ముందు కర్రతో ఎత్తి చూడాలి, ఎందుకంటే వానాకాలం ముందు తేళ్ళూ పాములూ చల్లని మూలలకు చేరే సమయం అది. లోపలికి చేయి పెట్టకుండా, పెట్టెను ఒకవైపు వంచి గోనె మీదికి జారవిడిస్తే కనబడని అంచుల ఒరిపిడి తప్పుతుంది. ఒండ్రు అంటిన ఇనుము గీసుకుంటే సబ్బు, నీళ్ళతో బాగా కడగాలి, గాయం లోతుగా ఉన్నా, ధనుర్వాతం సూది వేయించుకుని 5 ఏళ్ళు దాటినా, లేదా ఎప్పుడు వేయించుకున్నదీ గుర్తులేకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి.

గుర్తుపట్టడం అయిన తరువాత, ప్రతిదానికీ ఒక గుడ్డ పట్టీ కట్టి "కూరేది", "తొలిచేది", "తోసేది" అని రాయాలి, తరువాతే తోమాలి. కిరసనాయిలులో ఒక రాత్రి నానబెట్టి, వైరు బ్రష్షుతో రుద్దితే ఒండ్రు, పై తుప్పు వదులుతాయి. ఈ పని దీపానికీ పొయ్యికీ దూరంగా చేయాలి, ఆసిడ్ వాడకూడదు. తోమిన తరువాత పాత ఉలుల అంచు వైపు పక్కనుంచి చూస్తే ఒక్కోసారి సన్నని గీత కనబడుతుంది. కమ్మరి మెత్తని ఇనుము మీద గట్టి ఉక్కు ముక్కను అతికించిన చోటు అది. ఉక్కు అయిపోయేవరకు సాన పట్టిన ఉలికి ఆ తరువాత పదును నిలవదు. యంత్రం సాన మీద అంచు నీలిరంగుకు తిరిగితే ఉక్కు గట్టిదనం అక్కడ పోయినట్టే, అందుకే వేడెక్కకుండా మాటిమాటికీ నీళ్ళలో ముంచమని చెప్పాలి, వీలుంటే చేతి సానరాయి మీదే పట్టించాలి.

చివరిగా, కుట్టు మిషను నూనె గానీ ఆముదం గానీ పలుచగా రాసి, గోనెలో కాక పొడి నూలు గుడ్డలో చుట్టాలి, గోనె తేమను పీల్చి దగ్గర ఉంచుతుంది. కర్ర పిడులకు అవిసె నూనె రాసేవారు ఆ తుడిచిన గుడ్డలను కుప్పగా వదలకూడదు, అవి వాటంతట అవి వేడెక్కి అంటుకోగలవు. నీళ్ళలో తడిపి, విడివిడిగా ఆరవేసి పారేయాలి. పెట్టెను 1986లో మా గోడ మీద వరద నిలిచిన గీతకు మూడు అడుగుల పైన, అటక కొసన పెట్టాను. నా పొరపాటుతో పదునెక్కిన ఆ ఉలిని మేస్త్రి గారు తన రాయి మీద మళ్ళీ మొద్దు చేసి ఇచ్చారు, గాడి మాత్రం తిరిగి రాలేదు. దాని పట్టీ మీద "సాన పట్టవద్దు" అని రాశాను.