బీపీ మాత్రల వల్ల చిగుళ్లు పెరిగితే ఏం చేయాలి?

రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్, నిఫెడిపిన్, మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కిడ్నీ మార్పిడి తరువాత వాడే సైక్లోస్పోరిన్ కొందరిలో చిగుళ్లను పెంచుతాయి. ఫెనిటాయిన్ వాడేవారిలో ఇది ఎక్కువ, ఆమ్లోడిపిన్ వాడేవారిలో తక్కువ. అయితే ఆమ్లోడిపిన్ వాడకం విస్తృతం కనుక ఇక్కడ దాన్నే ఉదాహరణగా తీసుకుందాం.

ముందుగా అద్దంలో చూసుకోవాలి. మందు మొదలుపెట్టిన కొన్ని నెలల్లో, ఎక్కువగా ముందు పళ్ల మధ్య ఉండే చిగురు మొనలు ఉబ్బి, క్రమంగా పళ్ల మీదికి పాకుతాయి. నొప్పి సాధారణంగా ఉండదు కాబట్టి చాలామంది ఆలస్యంగా గమనిస్తారు. చిగుళ్ల వాపుతో పాటు జ్వరం, ఒంటిపై కారణం లేని కమిలిన మచ్చలు, తీవ్రమైన నీరసం కూడా ఉంటే రక్తక్యాన్సర్‌ను అనుమానించవలసి ఉంటుంది. అప్పుడు వెంటనే రక్తపరీక్ష చేయించాలి.

రెండవది, మాత్రను సొంతంగా ఆపకూడదు. ఫెనిటాయిన్ హఠాత్తుగా మానితే ఆగకుండా ఫిట్స్ రావచ్చు. సైక్లోస్పోరిన్ మానితే శరీరం కొత్త కిడ్నీని తిరస్కరించవచ్చు. వాడే మందులన్నిటి చీటీతో దంతవైద్యుడిని కలవాలి.

పెరుగుదలకు మందు మూలమైనా, పళ్లపై పేరుకున్న పాచి దాన్ని ముదిరేలా చేస్తుంది. అందుకే చికిత్స శుభ్రతతో మొదలవుతుంది. రోజుకు 10 మిల్లీగ్రాముల ఆమ్లోడిపిన్ వాడే ఒక 52 ఏళ్ల వ్యక్తిని ఊహించుకుందాం. దంతవైద్యుడు స్కేలింగ్ చేసి గార తీసేస్తారు. మెత్తని బ్రష్‌తో రోజుకు రెండుసార్లు తోముకోమని, పళ్ల సందులకు చిన్న బ్రష్ వాడమని చెబుతారు. పుక్కిలించడానికి క్లోర్‌హెక్సిడిన్ ఇస్తే, దాన్ని చెప్పిన రోజులకే పరిమితం చేయాలి, ఎందుకంటే ఎక్కువ కాలం వాడితే పళ్లకు గోధుమరంగు మరకలు పడతాయి. చిగుళ్ల నుంచి రక్తం కారుతోందని బ్రష్ మానేయడం మాత్రం పెద్ద పొరపాటు, పాచి పెరిగేది అప్పుడే.

కొన్ని వారాల తరువాత మళ్లీ చూస్తారు. ఎర్రగా, మెత్తగా ఉన్న భాగం చాలావరకు తగ్గి, గట్టిపడిన భాగం మిగిలితే, దంతవైద్యుడు రాసిన ఉత్తరంతో బీపీ డాక్టర్‌ను కలవాలి. ఆయన ఆమ్లోడిపిన్ బదులు టెల్మిసార్టన్ వంటి వేరే తరగతి మందు ఇవ్వవచ్చు. మార్చాక బీపీని కొన్ని వారాలు తరచుగా చూసుకోవాలి. కిడ్నీ మార్పిడి రోగులకు సైక్లోస్పోరిన్ స్థానంలో టాక్రోలిమస్ ఇవ్వడం కుదురుతుందేమో నిపుణులే తేలుస్తారు.

మందు మారిన తరువాత చిగుళ్లు తగ్గడానికి వారాల నుంచి నెలల దాకా పట్టవచ్చు. అప్పటికీ నమలడానికి, శుభ్రం చేసుకోవడానికి అడ్డుపడితే, మత్తు సూది ఇచ్చి అదనపు చిగురును కోసి తీసేస్తారు. పాత మందే కొనసాగితే అది మళ్లీ పెరిగే అవకాశం ఉంది కనుక, శస్త్రచికిత్స తరువాత మూడు నెలలకొకసారి పరీక్ష, స్కేలింగ్ చేయించుకోవడం మంచిది.