గల్లాలో డబ్బు ఉంది, ట్యాలీలో లేదు: తరుగుదల ఎంట్రీ గురించి మా కొత్త అకౌంటెంట్‌కి

తమ్ముడూ, నిన్న రాత్రి షాపు మూసేటప్పుడు "అన్నా గల్లాలో డబ్బు ఎక్కువొస్తోంది, ఏదో సేల్ బిల్లు కొట్టడం మర్చిపోయుంటారు" అన్నావు కదా, బిల్లులన్నీ తిరగేసే ముందు ఒక్క పని చేసుంటే సరిపోయేది. గల్లాలో లెక్కపెడితే 41,300 ఉంది, ట్యాలీలో క్యాష్ 3,050 చూపిస్తోంది. తేడా 38,250. ఆ అంకె ఎక్కడైనా చూసినట్టు లేదా? మన ఓవెన్ మీద ఈ ఏడాది తరుగుదల అదే. తేడా ఎంతో తెలియగానే ఆ అంకె పట్టుకుని తరుగుదల లెడ్జర్ తెరిచి చూడు, ఇది ఎంతమందికి చెప్పానో నాకే గుర్తులేదు, అందరూ ముందు బిల్లుల మీదే పడతారు.

జరిగింది ఏంటంటే నువ్వు ఎంట్రీ Payment (F5)లో కొట్టావు. Journalలో మామూలుగా క్యాష్ లెడ్జర్ కనబడదు, "డబ్బు ఎక్కడినుంచి పోయిందో చూపించాలిగా" అనుకుని Paymentకి వెళ్లుంటావు. కానీ డబ్బు ఎక్కడికీ పోలేదు. ఓవెన్ 2023 ఏప్రిల్ మొదట్లో 3 లక్షలకి కొన్నాం, డీలర్‌కి డబ్బు అప్పుడే మొత్తం అందిపోయింది. ఆ 3 లక్షలు ఒకే ఏడాది ఖర్చుగా రాస్తే తప్పు కాబట్టి ఏడాదికి 15 శాతం చొప్పున, మిగిలిన విలువ మీద, కొంచెం కొంచెం ఖర్చులోకి తెస్తున్నాం, మొదటి ఏడాది 45,000, మిగిలిన 2,55,000 మీద ఈ ఏడాది 38,250. తగ్గేది పుస్తకంలో ఓవెన్ విలువ, గల్లా కాదు.

ఆ Payment తీసేసి Journal (F7)లో ఇలా కొట్టు:

```
Dr  తరుగుదల    38,250
Cr  ఓవెన్       38,250
```

క్యాష్ మళ్లీ 41,300కి వస్తుంది. ఇది సులువైనది, ఎందుకంటే తేడా కనబడుతుంది.

నన్ను ముంచింది మాత్రం తేడా కనబడని రకం. ఓవెన్‌కి మనం చేతినుంచి పెట్టింది 60,000, మిగతా 2,40,000 బ్యాంకు లోను, నెలకి 7,800 కిస్తీ. నీ ముందు ఉన్నతను మొదటి ఏడాది నెలనెలా ఆ 7,800 తరుగుదల లెడ్జర్‌లో వేసుకుంటూ పోయాడు, "ఓవెన్ కోసం కడుతున్నదేగా" అని. డబ్బు నిజంగానే బ్యాంకులోంచి పోతోంది కాబట్టి బ్యాంకు స్టేట్‌మెంట్‌కి ట్యాలీకి పైసా తేడా లేదు, నేనూ అన్నీ కరెక్టే అనుకుని సంతకం పెట్టేశాను అనుకో, ఆడిటర్ గారు ఆపకపోతే అలాగే రిటర్న్ వేసేవాళ్లం. ఆయన అడిగింది ఒకటే మాట: "పన్నెండు కిస్తీలు కట్టారు, లోను ఇంకా 2,40,000 అలాగే ఉందేంటి?"

లోన్ స్టేట్‌మెంట్ తెప్పించి చూస్తే కట్టిన 93,600లో వడ్డీ 21,810, అసలు 71,790. ఇందులో ఖర్చు వడ్డీ మాత్రమే, అసలు కడితే అప్పు తగ్గుతుంది, అది లాభనష్టాల్లోకి రాదు. రావాల్సింది వడ్డీ 21,810, తరుగుదల 45,000, కలిపి 66,810. మనోడు 93,600 చూపించాడు, అంటే లాభం 26,790 తక్కువ పడింది, ఓవెన్ మాత్రం కొత్తదానిలా 3 లక్షల దగ్గరే కూర్చుంది.

అందుకే బ్యాంకు కలిసిందని వదిలేయకు. ట్యాలీలో లోన్ లెడ్జర్ బ్యాలెన్స్, బ్యాంకువాళ్ల లోన్ స్టేట్‌మెంట్ పక్కపక్కన పెట్టు, కలవకపోతే దొంగ అక్కడే ఉన్నాడు. ఒక్కో కిస్తీ Payment తెరిచి తరుగుదల తీసేసి, స్టేట్‌మెంట్ చూసి అసలుని లోన్ లెడ్జర్‌కీ, వడ్డీని వడ్డీ లెడ్జర్‌కీ విడగొట్టు, తర్వాత తరుగుదల విడిగా F7లో. రిటర్న్ వేసేసిన ఏడాదైతే మాత్రం నువ్వే ముట్టుకోకు, ఆడిటర్‌ని అడుగు.

ఇంకో మాట, సంక్రాంతి సరుక్కి ఎంత మిగులుతుందో చెప్పమంటే లాభం అంకె నేరుగా ఇవ్వకు, అందులో తరుగుదల 38,250 తిరిగి కలుపు, కట్టిన అసలు తీసెయ్, ఈ ఏడాది అది దాదాపు 80,000. ఈ రెండూ ఒకదానికొకటి సరిపోతాయని మాత్రం అనుకోకు. అప్పు సరుకు, బాకీలు ఆ తర్వాత చూసుకుందాం.

మిగతావి అరుదు. ఏడాదిలో 180 రోజులకన్నా తక్కువ వాడిన కొత్త మెషీన్‌కి సగం రేటే, జీఎస్టీ ఇన్‌పుట్ తీసుకుంటే ఆ పన్ను మీద తరుగుదల వేయకూడదు. వీటివల్ల తరుగుదల అంకె మారుతుందేమో గానీ గల్లా మారదు.

లోన్ స్టేట్‌మెంట్ ప్రింట్ కౌంటర్ కింద సొరుగులో, రసీదు బుక్కుల అడుగున పెట్టాను. పొద్దున రాగానే ముందు అది తీయి.