24 గంటల హార్డ్‌వేర్ హ్యాకథాన్: ఏం చేయాలి, ఏం మోసుకెళ్లాలి, ఏం వదిలేయాలి (సమస్య - పరిష్కారం)

24 గంటలు అంటారు గానీ భోజనాలు, మెంటర్ల రౌండ్లు, కునికిపాట్లు, చివర్లో పీపీటీ హడావిడి తీసేస్తే పనికి దొరికేది అందులో సగం పైచిలుకు. అందుకే హాల్లో రాబోయే సమస్యల్ని ఇంట్లోనే పట్టుకోవాలి. ఉదాహరణకి ఒకటే ప్రాజెక్టు తీసుకుంటున్నా: సంప్ నుంచి పై ట్యాంకుకి నీళ్లెక్కించే మోటారు, ట్యాంకు నిండగానే దానంతటదే ఆగాలి. టేబుల్ మీద చూపించడానికి రెండు బకెట్లు, ఒక బుల్లి సబ్‌మెర్సిబుల్ పంపు, దాన్ని ఆన్ ఆఫ్ చేసే ఒక రిలే, నీటి మట్టం కొలిచే ఒక అల్ట్రాసోనిక్ సెన్సర్, వైఫై ఉన్న ఒక ESP32 మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు.

సమస్య: ఆరు గంటలైనా టేబుల్ మీద ఏదీ కదలడం లేదు

కారణం: ఐడియా అనుకున్న రోజే ఫీచర్లు పేర్చుకుంటూ పోయారు. ట్యాంకు నిండితే ఎస్సెమ్మెస్, ఇంటి లొకేషన్‌కి జీపీఎస్, పనిలో పనిగా గ్యాస్ లీక్ కూడా, పైన ఒక యాప్.

పరిష్కారం: కొనకముందే వీటిని లిస్టులోంచి కొట్టేయండి. SIM800L అనేది 2జీ మాడ్యూలు, జియోకి 2జీ నెట్‌వర్కే లేదు, కాబట్టి అందులో జియో సిమ్ పెట్టి ఎంతసేపు కూర్చున్నా సిగ్నల్ పట్టదు. పైగా అది సిగ్నల్ పంపే క్షణంలో 2 ఆంపియర్ల దాకా లాగుతుంది. జీపీఎస్‌కి ఆకాశం కనపడాలి, స్లాబు కింద ఆడిటోరియంలో అది వెతుకుతూనే ఉంటుంది. MQ-2 లాంటి గ్యాస్ సెన్సర్ అయితే ఇంకా తమాషా: వాడే ముందు 24 గంటలకి పైగా వేడెక్కించమని దాని డేటాషీటే చెబుతుంది, అంటే కొత్త సెన్సర్‌ని అక్కడికెళ్లి విప్పితే అది సిద్ధమయ్యేసరికి బహుమతులు ఇచ్చేసి ఉంటారు. 3డీ ప్రింటెడ్ డబ్బా కూడా వద్దు, సన్‌బోర్డు, కట్టర్, గ్లూ గన్‌తో అరగంటలో డబ్బా తయారవుతుంది. ఇక 230 వోల్టుల మోటారు జోలికి అసలు పోవద్దు, నీళ్ల బకెట్ల పక్కన, నిద్రలేని చేతులతో.

మరి కొత్తదనం ఎక్కడ? పార్టుల్లో కాదు, నిర్ణయంలో. పంపు ఆన్ అయి 20 సెకన్లయినా పై బకెట్లో మట్టం పెరగలేదంటే కింద సంప్ ఖాళీ అన్నమాట, వెంటనే ఆపేయాలి. నిజం మోటార్లు నీళ్లు లేకుండా తిరిగే కదా పాడయ్యేది. దీనికి కొత్త సెన్సరేమీ అక్కర్లేదు, కోడులో నాలుగు లైన్లు. జ్యూరీ ముందు కింది బకెట్లోంచి పంపు పైకి లాగి చూపిస్తే చాలు, వేరే స్లైడ్ అవసరం లేదు.

సమస్య: బోర్డు పెట్టినా ల్యాప్‌టాప్‌లో పోర్టు కనపడదు

పదిలో తొమ్మిదిసార్లు అది ఛార్జింగ్ మాత్రమే అయ్యే కేబుల్. కేబుల్ మార్చండి, అప్పటికీ రాకపోతే బోర్డు మీది చిప్‌ని బట్టి CP2102 లేదా CH340 డ్రైవర్ వేయాలి. ఇంట్లో పనిచేసిన కేబుల్‌కి టేపు చుట్టి గుర్తు పెట్టుకుని అదే తీసుకెళ్లండి. ESP32 బోర్డు ప్యాకేజీ, లైబ్రరీలు కూడా ఇంట్లోనే దించుకుని ఒకసారి కంపైల్ చేసి చూడండి, వందల మంది ఉన్న హాల్లో ఆ డౌన్‌లోడ్ పూర్తవ్వదు.

సమస్య: పంపు ఆన్ అవ్వగానే బోర్డు రీసెట్ అవుతోంది

అందరికీ వచ్చేది ఇదే, అందరూ కోడులో వెతికేదీ దీనికోసమే. ముందు బోర్డు పంపే మెసేజీలు కనిపించే సీరియల్ మానిటర్ చూడండి. అక్కడ ఈ లైన్ కనిపిస్తే కోడుని వదిలేయండి:

```
Brownout detector was triggered
```

కారణం: బోర్డుకి అందే వోల్టేజీ ఒక్క క్షణం పడిపోయింది. ల్యాప్‌టాప్ యూఎస్‌బీ 2.0 పోర్టు ఇచ్చేది 500 మిల్లీ ఆంపియర్లు. వైఫై సిగ్నల్ పంపేటప్పుడు బోర్డు ఒక్కసారిగా ఎక్కువ లాగుతుంది, సరిగ్గా అప్పుడే పంపు స్టార్టయితే రెండింటికీ చాలదు. నిర్ధారణకి పంపు వైరు పీకేసి రిలేని మాత్రం ఆన్ చేసి చూడండి. రీసెట్ ఆగిపోతే దోషి పంపే. ఇంకా అవుతుంటే సన్నటి కేబుల్‌నో, రిలేకి వెళ్లే కరెంటునో అనుమానించండి.

పరిష్కారం: పంపుకి బోర్డు నుంచి కరెంటు ఇవ్వకండి. పాత 5 వోల్టుల 2 ఆంపియర్ల ఫోన్ ఛార్జర్ ఒకటి తీసుకెళ్లి, ఒక పాత కేబుల్ కోసి, పంపుని రిలే కాంటాక్టుల మీదుగా దానికే కలపండి. రిలే వాడితే పంపు సర్క్యూటు పూర్తిగా వేరుగానే ఉంటుంది, గ్రౌండ్లు కలపక్కర్లేదు. రిలే బదులు మాస్‌ఫెట్ వాడితే మాత్రం తప్పకుండా కలపాలి. పంపు రెండు వైర్ల మధ్య 1N4007 డయోడు పెట్టండి, వెండి గీత ఉన్న కొస ప్లస్ వైపు. తిరగేస్తే షార్టే, పంపు తిరగదు, ఛార్జర్ ఆగిపోతుంది. రిలే ఆగినప్పుడు పంపు ఎగదన్నే వోల్టేజీని ఈ డయోడు మింగేస్తుంది, అది లేకపోతే ఏ మెసేజీ లేకుండానే బోర్డు అప్పుడప్పుడూ వేలాడిపోతుంది.

నెట్‌లో బ్రౌనౌట్ డిటెక్టర్‌ని ఆపేసే లైన్ ఒకటి తిరుగుతుంటుంది. అది పెడితే మెసేజీ పోతుంది, వోల్టేజీ పడటం మాత్రం పోదు.

సమస్య: నీటి మట్టం ఎంత పెరిగినా రీడింగ్ ఒకేచోట ఆగిపోయింది

కారణం: వాటర్‌ప్రూఫ్ అని JSN-SR04T అనే అల్ట్రాసోనిక్ సెన్సర్ కొనుంటారు. నిజం ట్యాంకుకి అది మంచిదే, కానీ సుమారు 20 సెంటీమీటర్ల కంటే దగ్గరున్నదాన్ని అది చూడలేదు. మీ బకెట్ లోతే అంతంత మాత్రం.

పరిష్కారం: డెమోకి HC-SR04 పెట్టండి, దాని కనీస దూరం 2 సెంటీమీటర్లే. బకెట్ అంచుకి కాస్త పైన స్కేలు అడ్డంగా పెట్టి గ్లూ గన్‌తో అతికించండి. దీన్ని 5 వోల్టులతో నడిపితే ఎకో పిన్ కూడా 5 వోల్టులే పంపుతుంది, ESP32 పిన్ తట్టుకునేది 3.3. కాబట్టి ఎకో నుంచి పిన్‌కి 1 కిలో ఓమ్, పిన్ నుంచి గ్రౌండ్‌కి 2 కిలో ఓమ్ రెసిస్టర్ వేయండి. రీడింగులు ఎగిరిపడుతుంటే నీళ్లు పడే పైపుని బకెట్ గోడకి ఆనించి, ఐదు రీడింగులు తీసుకుని మధ్యది వాడండి. సగటు తీస్తే ఒక్క తప్పు రీడింగ్ మొత్తం చెడగొడుతుంది.

సమస్య: ఇంట్లో కనెక్టయిన వైఫై ఇక్కడ అవ్వట్లేదు

కారణం: కాలేజీ వైఫైకి లాగిన్ పేజీ ఉంటుంది, బోర్డు దాన్ని నింపలేదు. ఫోన్ హాట్‌స్పాట్ అయితే 5 గిగాహెర్ట్జ్‌లో ఉండి ఉంటుంది, ESP32కి తెలిసింది 2.4 మాత్రమే. ఐఫోన్‌లో Maximize Compatibility ఆన్ చేస్తే 2.4కి మారుతుంది.

కానీ ఈ ప్రాజెక్టుకి ఇంటర్నెట్టే అక్కర్లేదు. బోర్డునే హాట్‌స్పాట్ చేసేయండి:

```cpp
WiFi.softAP("tank-demo", "12345678");
Serial.println(WiFi.softAPIP());
```

ఫోన్‌ని దానికి కలిపి బ్రౌజర్లో `192.168.4.1` కొడితే మీ పేజీ వస్తుంది. పేజీ చూపే వెబ్ సర్వర్ కోడు ఇంట్లో రాసుకెళ్లండి, నిబంధనలు ముందే కోడు రాయొద్దంటే కనీసం ఒకసారి రాసి చూసుకోండి.

సమస్య: అర్ధరాత్రి పనిచేసింది, పొద్దున చచ్చింది

వైర్లు వదులయ్యాయి. ఎవరో టేబుల్ జరిపారు, అంతే. పొడవాటి బ్రెడ్‌బోర్డు అయితే ఇంకో అనుమానం: కొన్నింటిలో పక్కనుండే పవర్ గీత మధ్యలో తెగి ఉంటుంది, అవతలి సగానికి కరెంటే రాదు. మల్టీమీటర్ ఉంటే రెండు నిమిషాల పని, అందుకే బ్యాగులో ముందు పెట్టాల్సింది అదీ, ఎక్స్‌టెన్షన్ బాక్సూ, రెండో ESP32 బోర్డూ. హైదరాబాద్ వాళ్లు కోఠి గుజరాతీ గల్లీలో ముందు రోజే కొనేసుకోండి, రాత్రి రెండింటికి షాపు ఎవరూ తెరవరు.

పనిచేస్తున్న ప్రతి జంపర్ మీద చిన్న గ్లూ చుక్క వేసి, ఫోన్‌తో అన్ని వైపుల నుంచీ ఫోటోలు తీయండి. పనిచేస్తున్న డెమోని ఒక నిమిషం వీడియో కూడా తీసి పెట్టుకోండి. చివరి రెండు గంటలు బోర్డులోకి కొత్త కోడు ఎక్కించవద్దు, అప్పుడు ఎంత చిన్న మార్పు అడిగినా నోటితో చెప్పి ఊరుకోండి.