గదుల లెక్క తప్పుతోందా? ముందు వరుస చూడండి

క్లాసుల ఆరంభ సమయాలను ఒక వరుసగా, ముగింపు సమయాలను మరో వరుసగా పేర్చి, కనీసం ఎన్ని గదులు కావాలో లెక్కించే పద్ధతి మీకు తెలుసనే అనుకుంటున్నాను.

```
let rooms = 0, e = 0;
for (const s of starts) {
  if (s < ends[e]) rooms++;
  else e++;
}
```

గది ఒకటి ఎక్కువ వస్తోంది

9 నుంచి 10, 10 నుంచి 11 అని రెండు క్లాసులు ఇచ్చి చూడండి. జవాబు 1 రావాలి. 2 వచ్చిందంటే `<` ఉండాల్సిన చోట `<=` పెట్టారు. దీనికి ఇంతకుమించి కథ లేదు.

గదులు తక్కువ వస్తున్నాయి

నన్ను ఏడిపించింది ఇదే. నల్లగొండలో ఒక కోచింగ్ సెంటర్‌కు జావాస్క్రిప్ట్‌లో టైంటేబుల్ చేసిచ్చాను. మధ్యాహ్నం బ్యాచ్‌లకు నెల రోజులు లెక్క ఎక్కడా తప్పలేదు. ఉదయం బ్యాచ్‌లు మొదలైన రోజున ఒకే గది ముందు ముగ్గురు సార్లు, చేతిలో హాజరు పుస్తకాలతో నిలబడ్డారు.

ఆ క్లాసులు ఇవి: 9:00–10:30, 9:30–11:00, 10:00–11:30. పది నుంచి పదిన్నర దాకా మూడూ నడుస్తాయి కాబట్టి 3 గదులు కావాలి. ప్రోగ్రాం 1 అంది. నేను మాత్రం రెండు రోజులు లూప్‌నే తవ్వుతూ కూర్చున్నాను. `starts`ను తెర మీద చూసుకుని ఉంటే నిమిషంలో తేలేది:

```
["10:00", "9:00", "9:30"]
```

సమయాలు అక్షరాలుగా ఉన్నాయి. అక్షరాల పోలికలో 1 ముందు, 9 తర్వాత. అందుకే పది గంటలు తొమ్మిదికి ముందు వచ్చి కూర్చుంది. ఆపైన "9:00"ను "10:30"తో పోల్చితే తొమ్మిదే పెద్దదని తేలి, ఎవరూ ఖాళీ చేయని గది ఖాళీ అయినట్టు `e` ముందుకు జరిగింది. మధ్యాహ్నం అన్నీ 14:00, 15:30 లాంటి రెండంకెల గంటలు. అందుకే తప్పు బయటపడలేదు.

నిమిషాల్లోకి మార్చాను: 540, 570, 600. ఉదయం కుదిరింది, సాయంత్రం చెడింది! జావాస్క్రిప్ట్‌లో ఉత్త `sort()` అంకెలను కూడా అక్షరాలుగానే పోలుస్తుంది. 16:40 అంటే 1000వ నిమిషం. అక్కడి నుంచి నాలుగంకెలు కాబట్టి, సాయంత్రం ఐదు గంటల 1020 వెళ్లి 540 కంటే ముందు చేరింది. పోల్చే పద్ధతిని మనమే చెప్పాలి, రెండు వరుసలకూ:

```
starts.sort((a, b) => a - b);
ends.sort((a, b) => a - b);
```

ఇప్పుడు 540, 570, 600 మూడూ మొదటి ముగింపు 630 కంటే తక్కువే. జవాబు 3.

మిగతావి

అర్ధరాత్రి దాటే క్లాసులుంటే తేదీని కూడా కలిపి నిమిషాలు లెక్కించండి. ముగింపు ఆరంభం కంటే ముందుంటే అది నమోదు చేసినవారి పొరపాటు, తిప్పి పంపండి. ఏ బ్యాచ్ ఏ గదిలోకి వెళ్లాలో ఈ పద్ధతి చెప్పదు. ముగింపులను విడదీసినప్పుడే ఆ జత పోయింది. అది కావాలంటే హీప్ వాడండి.